అనుభవం లేదని రాసేదెలా?

బ్యాంకు అప్పు కోసమో, పెట్టుబడి కోసమో తయారుచేసే ప్రాజెక్టు రిపోర్టులో యంత్రాల కొటేషన్లు, అమ్మకాల అంచనాలు, లాభనష్టాల పట్టికలు పేజీలకు పేజీలు ఉంటాయి. ‘ప్రమోటర్లు, నిర్వహణ బృందం’ అన్న శీర్షిక కింద ఉండేది మాత్రం చాలాసార్లు ఒక్క పేజీయే. మొదటిసారి వ్యాపారంలోకి దిగేవాళ్లు ఎక్కువగా తడబడేదీ ఆ పేజీ దగ్గరే. ఆ రంగంలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు, చెప్పుకోవడానికి పాత వ్యాపారం లేదు, మరి ఏం రాయాలి? దాంతో ఖాళీని మాటలతో నింపుతారు. ‘ఉత్సాహవంతులైన యువ బృందం’ అని ఒక వాక్యం. ‘బృంద సభ్యులందరికీ కలిపి 22 సంవత్సరాల అనుభవం’ అని ఇంకో వాక్యం. చివర్లో ఎవరో పెద్దమనిషి ఫొటో, కింద ‘ముఖ్య సలహాదారు’ అన్న హోదా.

ఇలాంటి పేజీలు రోజూ చదివే ఆఫీసరుకు ఆ మాటల వెనుక ఏముందో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. నలుగురి ఉద్యోగకాలాన్ని కూడితే 22 వస్తుంది, నిజమే. కానీ అందులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో గడిపినవే 15 ఏళ్లయితే, పెట్టబోయేది పసుపు పొడి యూనిట్ అయితే, ఆ కూడికకు అర్థం లేదు. పైగా ఒకచోట పెంచి రాశారని తేలితే, అమ్మకాల అంచనా కూడా అలాగే పెంచి ఉంటారన్న అనుమానం మిగతా పేజీలన్నిటికీ పాకుతుంది. అనుభవం లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అనుమానమే.

అసలు ఆ పేజీ చదివేవాళ్లు వెతికేది జీవితచరిత్రలు కాదు. ఈ వ్యాపారం నడవాలంటే ఏయే నిర్ణయాలు తీసుకోవాలి, ఒక్కో నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషికి అది ఎంతవరకు తెలుసు, తెలియకపోతే నేర్చుకునేదాకా డబ్బు పోకుండా ఎవరు కాస్తారు అన్నదే వాళ్లకు కావలసింది. కాబట్టి మనుషుల పేర్లతో కాకుండా పనుల పేర్లతో రాయడం మొదలుపెడితే పేజీ స్వరూపమే మారిపోతుంది. ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు దగ్గర ఇద్దరు స్నేహితురాళ్లు పసుపు పొడి యూనిట్ పెట్టాలనుకున్నారనుకోండి. ఒకామె హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి వచ్చింది. రెండో ఆమె బీకాం చదివి, నాలుగేళ్లుగా తండ్రి ఎరువుల దుకాణం లెక్కలు చూస్తోంది. ప్రాజెక్టు ఖర్చు రూ.25 లక్షలు. సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద 35 శాతం రాయితీ, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు, బ్యాంకు అప్పుతో ముడిపడి ఉంటుంది. కనీసం పది శాతం సొంత డబ్బు పెట్టాలి. అంటే వాళ్ల రిపోర్టు ముందుగా బ్యాంకును ఒప్పించాలి.

ఈ వ్యాపారంలో డబ్బు నిలిచేదీ పోయేదీ మూడు పనుల దగ్గర. కొమ్ము కొనడం, పొడి నాణ్యత చూసుకోవడం, కిరాణా దుకాణాల్లోకి సరుకు ఎక్కించడం. ఈ మూడింటిలో ఏదీ ఇద్దరిలో ఎవరూ చేయలేదు. లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, అప్పులిచ్చిన వాళ్ల దగ్గర వసూళ్లు మాత్రం రెండో ఆమె రోజూ చేసిన పనే. మొదటి ఆమెకు తప్పు ఎక్కడ దొర్లిందో వెతికి, రాసిపెట్టి, అది మళ్లీ రాకుండా చూసే అలవాటుంది. బ్యాచ్ రిజిస్టర్లు, ఫిర్యాదుల పుస్తకం నడపడానికి అది పనికొస్తుంది. అంతవరకే రాయాలి. ‘టెస్టింగ్ అనుభవం వల్ల ఆహార నాణ్యతపై పట్టు ఉంది’ అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే నిలవదు.

కొనుగోలు సంగతే చూడండి. మార్కెట్ యార్డులో పసుపు కుప్ప ముందు నిలబడి, కొమ్ము చేత్తో విరిచి, అది ఖణేలుమందా మెత్తగా సాగిందా, లోపల రంగు అంతటా ఒక్కలా ఉందా అని చూసి ధర చెప్పాలి. బాగా ఉడికి, బాగా ఎండిన కొమ్ము గట్టి చప్పుడుతో విరుగుతుంది. సరిగా ఎండనిది విరగనని మొరాయిస్తుంది. పొడిలో తేమ పది శాతం దాటకూడదన్నది ఆహార ప్రమాణాల నిబంధన. ఇప్పుడు 14 శాతం తేమ ఉన్న సరుకును తెలియక కొన్నారనుకుందాం. క్వింటాలులో అసలు పదార్థం 86 కిలోలే. దాన్ని పది శాతం తేమకు ఎండబెడితే మిగిలేది సుమారు 95 కిలోల 600 గ్రాములు. క్వింటాలుకు దాదాపు నాలుగున్నర కిలోలు గాలిలో కలిసినట్టే. వంద క్వింటాళ్లు, క్వింటాలు రూ.12 వేలు అనుకుంటే సుమారు రూ.53 వేలు నీటికి కట్టినట్టు. ఎండబెట్టకుండా అలాగే మర పట్టిస్తే పొడి గడ్డకడుతుంది, బూజు పడుతుంది, దుకాణాల నుంచి ప్యాకెట్లు వెనక్కి వస్తాయి. అనుభవం లేకపోవడం అంటే రిపోర్టులో ఇలాంటి అంకెగా కనిపించాలి. అప్పుడే దానికి ఏ విరుగుడు ఎంత ఖర్చుతో కావాలో తేలుతుంది.

ఇక్కడే సలహాదారు అవసరం వస్తుంది. యార్డులో పాతికేళ్లుగా పసుపు చూస్తున్న మనిషి ఒకరు వీళ్లకు తెలుసు. ఆయన కమీషన్ ఏజెంటు. మొదటి సీజను కొనుగోలు రోజుల్లో పక్కన నిలబడి కుప్పలు చూసిపెడతానన్నాడు. సంతోషించి ‘పసుపు రంగంలో 25 ఏళ్ల అనుభవజ్ఞుడు మా సలహాదారు’ అని రాసేస్తే ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతుంది. ఆయన ఆదాయం రైతుల సరుకు అమ్మిపెట్టడం మీద వస్తుంది. వీళ్లు ఎంత ఎక్కువ కొంటే ఆయనకు అంత లాభం. చెడ్డమనిషి కాకపోవచ్చు, కానీ ఆయన ప్రయోజనం వేరే వైపు కూడా ఉంది. దాన్ని దాచకుండా, ‘సలహాదారు స్వయంగా కమీషన్ ఏజెంటు, ఆయన దుకాణం ద్వారా వచ్చే సరుకును ఆయన సలహా మీద కొనం’ అని ఒక్క వాక్యం రాస్తే చదివేవాళ్లకు రెండు విషయాలు తెలుస్తాయి. వీళ్లకు రంగం లోతు తెలియకపోయినా ప్రమాదం ఎక్కడుందో తెలుసు. దాన్ని ముందే కట్టడి చేశారు.

సలహాదారు గురించి రాసేటప్పుడు ఆయన ఎంత గొప్పవాడన్నది చివరి సంగతి. ఏ పనిలో సాయం చేస్తాడు, ఎన్ని రోజులు, బదులుగా ఏమిస్తున్నారు, పేరు వాడుకోవడానికి ఒప్పుకున్నాడా అన్నవి ముందు. మన ఉదాహరణలో మార్చి నుంచి మే దాకా 15 మార్కెట్ రోజులు, రోజుకు రూ.2 వేలు, మొత్తం రూ.30 వేలు. ఇవే మాటలతో ఆయన సంతకం ఉన్న ఒక చిన్న లేఖ రిపోర్టుకు జతచేయాలి. అప్పుకు ఆయన హామీదారు కాదని, రోజువారీ నిర్వహణలో లేరని కూడా అందులోనే ఉండాలి. ఈ లేఖ లేనప్పుడు జరిగేది ఊహించవచ్చు. ఆఫీసరు ఫోన్ చేస్తాడు. ‘అవునండీ, మా ఊరి పిల్లలే, ఏదో పెడతామన్నారు, మంచిదే అన్నాను’ అని అవతలివైపు నుంచి జవాబు వస్తుంది. రిపోర్టులోని ‘ముఖ్య సలహాదారు’ ఆ మాటతో మాయమైపోతాడు.

పెద్ద పేర్లు ఖాళీని పూడ్చకపోగా కప్పిపెట్టగలవని చూపిన అతిపెద్ద ఉదాహరణ అమెరికాలోని థెరనాస్. ఎలిజబెత్ హోమ్స్ 2003లో, 19 ఏళ్ల వయసులో చదువు మధ్యలో వదిలి రక్తపరీక్షల కంపెనీ పెట్టారు. వైద్య ప్రయోగశాల నడిపిన అనుభవం ఆమెకు లేదు. కంపెనీ బోర్డులో మాత్రం మాజీ విదేశాంగ మంత్రులు జార్జ్ షుల్ట్జ్, హెన్రీ కిసింజర్, మాజీ రక్షణ మంత్రి విలియం పెర్రీ, సైన్యంలో పెద్ద హోదాల్లో పనిచేసినవాళ్లు చేరారు. ఆ జాబితా చూసి మురిసిపోయిన పెట్టుబడిదారులు ఎందరో. రక్తపరీక్ష యంత్రం చూపే ఫలితం సరైనదా కాదా అని అడిగి తేల్చగలిగిన ప్రయోగశాల నిపుణుల బలం ఆ బోర్డులో లేదన్నది తర్వాత అందరికీ అర్థమైంది. 2015లో పత్రికా కథనాలతో లోగుట్టు బయటపడింది, 2018లో కంపెనీ మూతపడింది, 2022లో పెట్టుబడిదారులను మోసగించారన్న నేరం మీద హోమ్స్‌కు పదకొండేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. చిన్న యూనిట్ రిపోర్టులో మాజీ ఎమ్మెల్యే పేరో, రిటైరైన కలెక్టర్ పేరో సలహాదారుగా కనిపించినప్పుడు అడగవలసిన ప్రశ్న ఇక్కడిదే. ఖాళీగా ఉన్న పని ఏది, ఈ మనిషి ఆ పని ఎరుగుదురా?

దీనికి భిన్నమైన కథ మన తెలుగువాళ్లదే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బయలుదేరిన ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. ఆయన, స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ముగ్గురూ బిట్స్ పిలానీలో చదివిన ఇంజనీర్లు. బస్సు వ్యాపారం తెలియదు, ఏ వ్యాపారమూ తెలియదు. మొదట బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తే ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు. ఆలోచనను ‘టై’ సంస్థ బెంగళూరు శాఖ కొత్త వ్యాపారుల కోసం నడిపే కార్యక్రమానికి పంపితే ఎంపికైంది, అనుభవమున్న మెంటార్లు దొరికారు. ఆ సలహా కాగితం మీద పేరుగా మిగలలేదు. కలిసి మాట్లాడుకోవడం, ఒక పని అప్పగించడం, చేసొచ్చాక మళ్లీ ప్రశ్నించడం అన్న క్రమం అక్కడ ఉంది. 2006లో రెడ్‌బస్ మొదలైంది, 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి పెట్టింది, 2013లో ఐబిబో గ్రూపు కొనుక్కుంది. వ్యవస్థాపకులకు రంగం తెలియదన్న విషయం పెట్టుబడికి అడ్డు కాలేదు.

సలహాదారుకు డబ్బు బదులు వాటా ఇస్తామని రాసే స్టార్టప్‌లు ఒకటి గమనించాలి. అమెరికాలో ఫౌండర్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన నమూనా ఒప్పందం ప్రకారం సలహాదారుకు దక్కేది మహా అయితే ఒక శాతం దాకా, అదీ రెండేళ్లలో కొంచెం కొంచెంగా. ఆ అంకెను ఇక్కడికి తెచ్చి ‘సలహాదారులకు ఈసాప్ ఇస్తాం’ అని రాసేవాళ్లున్నారు. మన కంపెనీల చట్టం ప్రకారం ఈసాప్ ఉద్యోగులకూ డైరెక్టర్లకూ ఇచ్చేది. బయటినుంచి సలహా చెప్పే కన్సల్టెంటుకు ఆ దారిలో ఇవ్వడం కుదరదు, వేరే పద్ధతిలో ఇవ్వాలి. కంపెనీ సెక్రటరీని అడగకుండా రాసిన ఆ ఒక్క వాక్యం, సలహాదారుతో మాట ఇంకా తేలలేదని బయటపెడుతుంది.

మళ్లీ ఆర్మూరుకు వద్దాం. రెండో ఖాళీ, పొడి నాణ్యత. ఇది సలహాదారుతో తీరేది కాదు. చిన్న రిజిస్ట్రేషన్ స్థాయి దాటి లైసెన్సు తీసుకోవలసిన తయారీ యూనిట్‌లో ఉత్పత్తిని పర్యవేక్షించడానికి కనీసం ఒక సాంకేతిక వ్యక్తి ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు షరతుల్లోనే ఉంది. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటి సబ్జెక్టులతో సైన్సు డిగ్రీ గానీ, ఫుడ్ టెక్నాలజీలో డిగ్రీ లేదా డిప్లొమా గానీ కావాలి. ఇద్దరు స్నేహితురాళ్లకూ అది లేదు. కాబట్టి రిపోర్టులో ‘అవసరమైనప్పుడు నిపుణులను నియమిస్తాం’ అన్న వాక్యానికి చోటు లేదు. ఉత్పత్తి నాలుగో నెలలో మొదలైతే ఆ మనిషి మూడో నెలలో చేరాలి. యంత్రాలు బిగించేటప్పుడు ఉండాలి, ట్రయల్ బ్యాచ్‌లు చూడాలి. జీతం నెలకు రూ.20 వేలు అనుకుంటే మొదటి ఏడాది పది నెలలకు రూ.2 లక్షలు.

మూడో ఖాళీ అమ్మకాలు. మొదటి నెలల్లో వ్యవస్థాపకురాళ్లే దుకాణాలు తిరగాలి. ఏ ప్యాకెట్ కదులుతోంది, దుకాణదారు ఎన్ని రోజులు అరువు అడుగుతున్నాడు అన్నది వాళ్లు స్వయంగా విని తీరాలి. తర్వాతే సేల్స్ మనిషి. ఈ నియామకానికి తేదీ కంటే షరతు పెట్టడం నిజాయితీ. ‘నెల అమ్మకం టన్నున్నర దాటి, రెండు నెలలు అలాగే నిలిస్తే ఒక సేల్స్ ప్రతినిధిని తీసుకుంటాం.’ వాళ్ల సొంత అంచనా ప్రకారం ఎనిమిదో నెలకు ఆ స్థితి వస్తే, జీతం రూ.18 వేలు, తిరుగుడు ఖర్చు రూ.5 వేలు చొప్పున ఐదు నెలలకు రూ.1,15,000.

ఇప్పుడు అసలు పరీక్ష. బృందం పేజీలో రాసిన ప్రతి నియామకం ఖర్చుల పట్టికలో అదే నెలలో కనిపించాలి. సలహాదారుకు రూ.30 వేలు, సాంకేతిక వ్యక్తికి రూ.2 లక్షలు, సేల్స్‌కు రూ.1,15,000, కలిపి రూ.3,45,000. ఈ మొత్తం కలపకుండా మొదటి ఏడాది లాభం రూ.4 లక్షలని చూపి ఉంటే, కలిపాక మిగిలేది రూ.55 వేలు. చాలా రిపోర్టుల్లో బృందం పేజీ ఒకరు, అంకెల పట్టిక ఇంకొకరు తయారుచేస్తారు. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఆఫీసరు ఈ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చూడగలడు, చూస్తాడు కూడా. మనుషులను పెట్టుకుంటాం అని రాసి జీతాలు రాయకపోతే, ఆ నియామకం చేసే ఉద్దేశం లేదనే అర్థం చేసుకుంటాడు. లాభం తగ్గినా సరే, అంకె సరిదిద్ది, కంతులు కట్టగలరా లేదా అని తామే ముందు చూసుకోవడం మేలు. కట్టలేమని తేలితే మార్చవలసింది ప్రాజెక్టు పరిమాణాన్ని, అప్పు మొత్తాన్ని.

నియామకం గురించి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం పెద్దవాళ్లకూ తేలిక కాలేదు. 1999లో గూగుల్‌లో రెండు వెంచర్ సంస్థలు రెండున్నర కోట్ల డాలర్లు పెట్టినప్పుడు, వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనుభవమున్న సీఈఓను తెస్తామన్న అవగాహనకు వచ్చారు. ఆ కుర్చీలో ఎరిక్ ష్మిట్ కూర్చునేసరికి 2001 ఆగస్టు అయింది, మధ్యలో పెట్టుబడిదారులు గుర్తుచేస్తూనే రావలసి వచ్చింది. డబ్బున్న కంపెనీకే అంత సమయం పడితే, ఆర్మూరులో రూ.20 వేలకు ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లు అడిగిన నెలలోనే దొరుకుతారన్న నమ్మకం లేదు. అందుకే రిపోర్టులో రెండో దారి కూడా ఉండాలి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన స్థానికులైనా షరతుకు సరిపోతారు, ఎవరూ దొరక్కపోతే ఉత్పత్తి ఎన్ని వారాలు వెనక్కి జరుగుతుంది, ఆ వారాల వడ్డీ ఎక్కడినుంచి వస్తుంది అని రెండు మాటలు చాలు.

ఇవన్నీ చేరాక ఆ పేజీ సుమారుగా ఇలా చదువుకోవచ్చు: ‘ప్రమోటర్లిద్దరికీ ఆహారశుద్ధిలో పూర్వానుభవం లేదు. ఒకరు నాలుగేళ్లుగా ఎరువుల దుకాణం ఖాతాలు, జీఎస్టీ, వసూళ్లు చూస్తున్నారు. ఈ యూనిట్‌లోనూ అవే చూస్తారు. మరొకరు ఉత్పత్తి రికార్డులు, మొదటి ఏడు నెలల అమ్మకాలు చూస్తారు. కొమ్ము కొనుగోలుకు మొదటి సీజను 15 రోజులు సలహాదారు ఉంటారు. లేఖ జతచేశాం, ఆయన కమీషన్ ఏజెంటని గమనించగలరు. ప్రతి కుప్పకూ తేమ కొలిచి రాసుకుంటాం. 12 శాతం దాటితే కొనం. సాంకేతిక పర్యవేక్షకుడు మూడో నెలలో చేరతారు. జీతం ఖర్చుల పట్టికలో చూపాం.’ ఇందులో పొగడ్త లేదు. మొదటి వాక్యంలోనే ఒప్పుకోలు ఉంది, ఆ తర్వాత ప్రతి వాక్యం వెళ్లి చూసుకోగలిగిన విషయమే.

ఇంత చేసినా అప్పు మంజూరవుతుందన్న హామీ లేదు. ‘ఒక సీజను చూసి రండి’ అని పంపేయవచ్చు. అలాంటప్పుడు పేజీలో మాటలు మార్చి ఇంకో బ్యాంకుకు పోవడం కంటే, ఆ సీజనును నిజంగానే వాడుకోవడం మంచిది. సొంత డబ్బుతో ఐదు క్వింటాళ్ల కొమ్ము కొని, లైసెన్సున్న మరొకరి మిల్లులో జాబ్ వర్క్ కింద పొడి చేయించి, నాణ్యత పరీక్ష చేయించి, నిబంధనల ప్రకారం ముద్రించిన ప్యాకెట్లతో జిల్లాలోని దుకాణాలకు వేసి చూడవచ్చు. క్వింటాలు రూ.12 వేలు చొప్పున కొమ్ముకు రూ.60 వేలు, మర కూలి, ప్యాకింగు, పరీక్ష ఖర్చులు అదనం. కొన్న ప్రతి కుప్ప తేమ, ఎండాక మిగిలిన బరువు, ఏ దుకాణం రెండోసారి ఆర్డరు ఇచ్చింది, ఏది ఇవ్వలేదు, అరువు ఎన్ని రోజులకు వసూలైంది అన్నవి ఒక పుస్తకంలో రాసుకుని, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, అమ్మకాల బిల్లులు జతచేసుకుని వచ్చే సీజనుకు అదే ఆఫీసరు దగ్గరికి వెళ్లవచ్చు. అప్పటికి మొదటి వాక్యంలో ‘పూర్వానుభవం లేదు’ అన్నచోట ‘ఒక సీజనులో ఐదు క్వింటాళ్లు కొని అమ్మాం, వివరాలు జతచేశాం’ అని రాసుకోవచ్చు.